స్పైరోగైరా నుంచి సైకస్ గింజ దాకా: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

తొట్టిలోంచి, నీళ్లలో పచ్చటి పోగుల్లా పెరిగే స్పైరోగైరా అనే శైవలాన్ని తీసి, రెండు గ్రాములు తూచి, దోమతెర ముక్క మీద పలచగా పరిచాను. గదిలో 27 డిగ్రీలు, గాలిలో తేమ 55 శాతం. త్రాసు కదలకుండా ఫ్యాను ఆపేశాను. గంటకల్లా 2.00 గ్రాములు కాస్తా 0.61కి దిగింది. మూడు గంటలకి 0.14. మిగిలిన ఆ పొరను మళ్లీ నీళ్లలో వేసి రాత్రి దాకా చూశాను. రంగు ఇంకా పచ్చగానే ఉంది. కానీ మైక్రోస్కోపు కింద పెడితే, మెలి తిరిగిన రిబ్బన్‌లా ఉండాల్సిన హరితరేణువు ప్రతి కణంలోనూ ముద్దకట్టి ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఒక్కటీ బతకలేదు.

ఈ ప్రాజెక్టు మొత్తానికీ ప్రశ్న ఇదే. సుమారు 47 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో నేల మొక్కల సిద్ధబీజాలు కనిపిస్తాయి. అంటే మూడు గంటల్లో ఎండి చచ్చిపోయే ఇలాంటి జీవుల బంధువులేవో అప్పటికే గట్టెక్కాయి. ఎలా ఎక్కాయో చదవడం ఒక ఎత్తు. త్రాసు మీద పెట్టి తూచి చూడటం ఇంకో ఎత్తు. నాకు రెండోది కావాలి.

ముందే ఒక మాట రాసుకోవాలి. నేల మొక్కలు స్పైరోగైరా నుంచి పుట్టలేదు. ఈ రెంటికీ పూర్వీకులు ఒకరే, అంతవరకే. చాలాకాలం పాటు కారా అనే శైవలమే నేల మొక్కలకి అతి దగ్గరి చుట్టం అనుకున్నారు, ఎందుకంటే చూడటానికి అది చిన్న మొక్కలాగే ఉంటుంది. జన్యువుల్ని పోల్చి చూశాక ఆ స్థానం స్పైరోగైరా ఉన్న గుంపుకి వచ్చింది. దారప్పోగులా, ఏ హంగూ లేకుండా ఉండేది దగ్గరి చుట్టం అవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2వ రోజు

నిన్నటి తూకం మళ్లీ చేస్తే లెక్క కుదరలేదు. అదే తొట్టి, అదే గది, కానీ గంటకి మిగిలింది 0.61 కాదు, 0.88. కారణం దొరకడానికి పూట పట్టింది. పోగుల మధ్య చిక్కుకున్న నీళ్లని కూడా శైవలం బరువుగా లెక్కేస్తున్నాను. ఒకసారి ఎక్కువ పిండితే ఒక అంకె, తక్కువ పిండితే ఇంకో అంకె. ఇప్పుడు పద్ధతి మార్చాను: రెండు టిష్యూ కాగితాల మధ్య పెట్టి, పైన అరకిలో బరువు ఉంచి, సరిగ్గా ఒక్క నిమిషం. అలా మూడుసార్లు చేస్తే గంట తర్వాతి అంకెలు 0.58, 0.60, 0.57 వచ్చాయి. ఇక నమ్మొచ్చు.

3వ రోజు

ఇవాళ గోడ నాచు. తెలుగులో చెరువులో తేలే శైవలాన్నీ నాచే అంటాం, తడిగోడ మీద మెత్తగా పెరిగే మాస్‌నీ నాచే అంటాం. ఈ డైరీలో మొదటిదాన్ని శైవలం అనీ రెండోదాన్ని గోడ నాచు అనీ రాస్తాను. లేకపోతే ప్రాజెక్టు మొత్తం గందరగోళమే, ఎందుకంటే నేను కొలవాల్సిన గీత సరిగ్గా ఆ రెంటి మధ్యే ఉంది.

గోడ నాచు ఒక గ్రాము పరిచాను. సాయంత్రానికి 0.17. శైవలం కంటే నెమ్మదిగానే ఎండింది కానీ చివరికి ఎండిపోయింది. ఆకులు కొమ్మకి అతుక్కుని ముడుచుకున్నాయి. దీన్ని పారేయకుండా కాగితం కవర్లో పెట్టి తేదీ వేశాను. రెండు నెలల తర్వాత తీస్తాను.

5వ రోజు

రబ్బరు మొక్క ఆకులు నాలుగు. దాదాపు ఒకే సైజువి ఏరుకున్నాను. ఒక్కోటి అరచేతి కంటే కాస్త పెద్దది, పైభాగం తళతళలాడుతూ ఉంటుంది. ఆ తళుకే క్యూటికల్. పాఠ్యపుస్తకాల్లో అవభాసిని అంటారు.

కాడ కోసిన చోట నీరు కారుతుంది కాబట్టి నాలుగింటికీ కాడ చివర వాజలిన్ దట్టించాను. తర్వాత మొదటి ఆకుని అలాగే వదిలేశాను. రెండోదానికి కింది వైపు మాత్రమే వాజలిన్ రాశాను, మూడోదానికి పై వైపు మాత్రమే, నాలుగోదానికి రెండు వైపులా. రాసిన తర్వాతే తూచాను, లేకపోతే వాజలిన్ బరువు కూడా కలిసిపోతుంది.

6వ రోజు

సరిగ్గా 24 గంటలకి వచ్చిన లెక్క:

మొదటి ఆకు 9.20 నుంచి 8.28కి దిగింది, అంటే పది శాతం పోయింది. పై వైపు మూసిన ఆకు 9.41 నుంచి 8.60కి, దాదాపు అంతే. కింది వైపు మూసిన ఆకు మాత్రం 9.05 నుంచి 8.90కి వచ్చి ఆగిపోయింది. రెండు వైపులా మూసినది 8.87 నుంచి 8.81.

మూడో గంటకే శైవలం తొంభై శాతానికి పైగా పోగొట్టుకుంది. ఈ ఆకు పై చర్మం ఒక పూర్తి రోజులో రెండు శాతం కూడా వదల్లేదు. ఒక కణమంత మందం కూడా లేని పొర చేసిన పని ఇది. పోయిన నీరు దాదాపు అంతా కింది వైపు నుంచే పోయింది. రబ్బరు మొక్కకి పత్రరంధ్రాలు ఉన్నది అటువైపే.

9వ రోజు

క్యూటికల్‌లో నీటిని ఆపేది ఏ భాగం? ఇది తేల్చుకోవాలని కాలేజీ ల్యాబులో పనిచేసే మిత్రుడి దగ్గరికి వెళ్లాను. క్లోరోఫామ్ పొగలు పీల్చుకునే అల్మరా అక్కడే ఉంది. ఇంట్లో చేయాల్సిన పని కాదు ఇది.

ఒక ఆకుకి కింది వైపు వాజలిన్ రాసి, పై వైపుని క్లోరోఫామ్‌లో ముంచిన దూదితో రెండుసార్లు మెల్లగా తుడిచాం. తుడిచిన దూదిని గాజుపలక మీద ఆరబెడితే తెల్లటి పొడి మిగిలింది. అదే మైనం. ఆకు మాత్రం చూపుకి పెద్దగా మారలేదు. తళుకు కాస్త తగ్గింది, అంతే. పొర అలాగే ఉంది, చిరగలేదు.

10వ రోజు

తుడిచిన ఆకు 8.96 నుంచి 7.46కి పడిపోయింది. తుడవని ఆకు అదే ఏర్పాటులో పోగొట్టుకున్నది 0.15 గ్రాములు, ఇది 1.50. పది రెట్లు.

క్యూటికల్ రెండు పదార్థాలతో అల్లినది. ఒకటి క్యూటిన్, కొవ్వు ఆమ్లాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఏర్పడిన వల లాంటిది. అది క్లోరోఫామ్‌కి కరగదు, అందుకే పొర చెక్కుచెదరకుండా కనిపించింది. రెండోది ఆ వల కంతల్లోనూ పైనా ఇరుక్కున్న మైనం. నీటిని నిజంగా ఆపుతున్నది ఈ రెండోదే. వల ఆకారాన్నిస్తే, మైనం కంతలు పూడుస్తుంది. నా ప్రయోగానికి ఒక లోపం ఉంది: క్లోరోఫామ్ పై కణాల్ని కూడా చంపేస్తుంది, కాబట్టి పది రెట్లలో ప్రతి పైసా మైనం ఖాతాలోనే వేయలేను. అయినా చచ్చిన కణాల మీదైనా మైనం చెక్కుచెదరకుండా ఉంటే నీరు దాదాపు ఆగుతుంది. అందుకే పెద్ద వాటా మైనానిదే అని ధైర్యంగా రాస్తున్నాను.

12వ రోజు

రెండు రోజులుగా ఒక విషయం తొలిచేస్తోంది. రెండు వైపులా మూసిన ఆకు అందరికంటే బాగా నీటిని దాచుకుంది. మరి మొక్కలు ఒళ్లంతా మైనం పూసుకుని ఎందుకు కూర్చోలేదు?

ఎందుకంటే నీరు దాటలేని గోడని కార్బన్ డయాక్సైడ్ కూడా దాటలేదు. తలుపులు బిగిస్తే దాహం తీరినా ఆకలి తీరదు. అందుకే పత్రరంధ్రాలు, తెరిచి మూసే తలుపులు. కానీ ఆ బేరం మొక్కకి చాలా నష్టం. ఆకు లోపలి గాలి నీటి ఆవిరితో నిండి ఉంటుంది, బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లలో నాలుగు మాత్రమే. తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువుని పట్టుకోవడానికి సాధారణ మొక్క కొన్ని వందల నీటి అణువుల్ని గాలికి వదిలేస్తుంది.

ఇక్కడే నా ప్రాజెక్టు మలుపు తిరిగింది. క్యూటికల్, నాళాలు, విత్తనం మూడు వేర్వేరు వరాలని అనుకుంటూ మొదలుపెట్టాను. కాదు. క్యూటికల్ ఒక చిక్కు తీర్చి ఇంకో అప్పు మిగిల్చింది: పోయే నీటిని కింద నుంచి అదే వేగంతో తెచ్చి పోయాలి. ఆ అప్పు తీర్చడానికి ఏం కావాలో రేపటి నుంచి.

15వ రోజు

గాజు గొట్టంలో అగర్ జెల్లీ పోసి గడ్డకట్టాక పైన నీలి ఆహార రంగు చుక్కలు వేశాను. జెల్లీలో ప్రవాహం ఉండదు కాబట్టి రంగు దానంతటది వ్యాపించాల్సిందే. కణం నుంచి కణానికి నీరూ లవణాలూ మెల్లగా పాకడానికి ఇది నా నమూనా.

17వ రోజు

బాల్సమ్ మొక్క కొమ్మ. కాండం అద్దంలా ఉండి లోపల జరిగేది కనిపిస్తుంది. మొదటి కొమ్మ పూర్తిగా విఫలం. గాల్లో కోసి తెచ్చి ఎర్రటి సాఫ్రనిన్ ద్రవంలో పెట్టాను. అరగంటైనా రంగు రెండు సెంటీమీటర్లు దాటలేదు. కోసిన క్షణంలోనే నాళాల్లోకి గాలి దూరి నీటి తీగ తెగిపోయింది. రెండో కొమ్మని నీళ్ల గిన్నెలో ముంచి, నీటి అడుగునే కోసి, తడి ఆరకుండా ద్రవంలోకి మార్చాను. ఈసారి కిటికీ దగ్గర పెట్టాను.

ఎర్రటి గీతలు కళ్ల ముందే పైకి లేచాయి. 25 నిమిషాల్లో 12 సెంటీమీటర్లు. పక్కనే అన్ని ఆకులూ తుంచేసిన కొమ్మ ఒకటి పెట్టాను. దానిలో అదే సమయానికి రంగు ఎక్కింది 3 సెంటీమీటర్లే. అంటే కింద నుంచి ఎవరూ తోయడం లేదు. పైన ఆకుల్లో ఆవిరై పోయే నీరే కింది నీటిని లాగుతోంది. నిన్నటిదాకా నేను నష్టం అని రాసుకున్నదే ఇక్కడ మోటారు.

19వ రోజు

జెల్లీ గొట్టం లెక్కలు. 16వ రోజున, అంటే 24 గంటలకి, రంగు అంచు 14 మిల్లీమీటర్లు దిగింది. ఇవాళ్టికి నాలుగు రోజులు, 27 మిల్లీమీటర్లు. నాలుగు రెట్ల సమయానికి రెండు రెట్ల దూరమే. వ్యాపనం స్వభావమే అంత. దూరం పెరిగేకొద్దీ సమయం దాని వర్గంలో పెరుగుతుంది:

```
t = x² / 2D
```

ఇందులో t సమయం, x దూరం, D ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే గుణకం. నీటిలో చిన్న అణువుకి D సుమారు 10⁻⁹ m²/s అనుకుని లెక్కిస్తే, ఒక మిల్లీమీటరుకి ఎనిమిది నిమిషాలు. ఒక సెంటీమీటరుకి పద్నాలుగు గంటలు. ఒక మీటరుకి పదహారేళ్లు. కాగితం మీద ఈ మూడు అంకెలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నాళాలు లేని మొక్కలు ఎందుకు నేలకి అంటిపెట్టుకుని ఉన్నాయో ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు తెలీదు. గోడ నాచు చాలావరకు ఆకుల సందుల్లోంచి, ఒంటి బయట నుంచి నీటిని పైకి పాకించుకుంటుంది. సెంటీమీటర్ల ఎత్తులో అది చాలు.

(24వ రోజున చేర్చినది: తొమ్మిది రోజులకి 40 మిల్లీమీటర్లు. తొమ్మిది రెట్ల సమయం, దాదాపు మూడు రెట్ల దూరం.)

20వ రోజు

బాల్సమ్ కాండాన్ని బ్లేడుతో నిలువునా పలచగా కోసి, 0.05 శాతం టొలుయిడిన్ బ్లూలో ఒక నిమిషం ముంచి కడిగాను. ఈ రంగుకి ఒక మంచి గుణం ఉంది. మామూలు కణగోడల్ని ఊదాగా మార్చి, గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఉన్న గోడల్ని మాత్రం నీలి ఆకుపచ్చగా చూపిస్తుంది.

మధ్యలో నీటిని మోసే దారువు నాళాలు దొరికాయి. ఒక్కో నాళం లోపలి గోడ మీద స్ప్రింగు చుట్టినట్టు నీలి ఆకుపచ్చ చుట్లు. ఒకచోట బ్లేడు తగిలి నాళం చిరిగి, ఆ చుట్టు ఒకటి సాగి బయటికి వేలాడుతోంది. నిజంగా స్ప్రింగే. మెత్తటి ట్యూబుతో చిక్కటి ద్రవాన్ని గట్టిగా పీలిస్తే ట్యూబు చప్పిడి పడుతుంది. ఆకులు పైనుంచి లాగుతున్నప్పుడు దారువులో ఉండేదీ అలాంటి లాగుడే. లిగ్నిన్ చుట్లు లేకపోతే నాళం లోపలికి కుంగిపోతుంది.

ఇంకో సంగతి: ఈ నాళాల్లో లోపల ఏమీ లేదు. కేంద్రకం లేదు, జీవద్రవ్యం లేదు. గోడ కట్టడం అయిపోగానే ఆ కణం చచ్చిపోయి తన లోపలి భాగాన్ని ఖాళీ చేసి ఇస్తుంది. గొట్టం వ్యాసార్ధం రెట్టింపైతే దానిలో పారే నీరు పదహారు రెట్లవుతుంది కాబట్టి, కణం లోపల అడ్డంగా ఏది మిగిలినా భారీ నష్టమే.

ఇది ఒక్కసారిగా వచ్చింది కాదని స్కాట్లండ్‌లోని రైనీ దగ్గర దొరికిన రాయి చెబుతుంది. దాదాపు 40.7 కోట్ల ఏళ్ల నాడు వేడినీటి బుగ్గల సిలికా ఆ చిత్తడి మొక్కల్ని ముంచి, కణం కణంగా రాయిగా మార్చేసింది. 1917 నుంచి 1921 మధ్య కిడ్‌స్టన్, లాంగ్ అనే శాస్త్రవేత్తలు వాటిని వర్ణించారు. అందులో ఒకటైన ఆగ్లావోఫైటాన్‌కి క్యూటికల్ ఉంది, పత్రరంధ్రాలు ఉన్నాయి, కాండం మధ్యలో నీటిని మోసే కణాల పోగు కూడా ఉంది. కానీ ఆ కణాల గోడలకి చుట్లు లేవు. పక్కనే పెరిగిన రైనియాకి మాత్రం ఆ గట్టి చుట్లు ఉన్నాయి. అంటే ఒకే చిత్తడిలో రెండు రకాలు కలిసే బతికాయి. రెండూ జానెడు ఎత్తుకి అటూ ఇటూ ఉండేవే. ఆ ఎత్తుకి అప్పుడు లిగ్నిన్ ఇంకా ప్రాణావసరం కాలేదు. చెట్టంత ఎదగాలంటేనే అది తప్పనిసరి.

22వ రోజు

ఇప్పటికి మొక్క ఎండదు, తాగుతుంది, నిలబడుతుంది. మరి పిల్లల సంగతి? దీనికి ఫెర్న్ తీసుకున్నాను. సెరటోప్టెరిస్ సిద్ధబీజాలు మిత్రుడి ల్యాబు నుంచి వచ్చాయి. పోషకాలు కలిపిన అగర్ మీద చల్లి, రెండు పెట్రీ డిష్‌లు చేసి, 28 డిగ్రీల దగ్గర దీపం కింద పెట్టాను.

34వ రోజు

డిష్‌ల నిండా ఆకుపచ్చ చుక్కలు. కొన్ని గుండె ఆకారంలో, కొన్ని చిన్న నాలుకల్లా. ఇవే ప్రోథాలస్‌లు. మనం ఫెర్న్ అని పిలిచే పెద్ద మొక్కకి క్యూటికల్, నాళాలు అన్నీ ఉన్నాయి. కానీ దాని సిద్ధబీజం నుంచి నేరుగా పుట్టేది ఈ పలచటి పచ్చ రేకు. చాలా చోట్ల ఒకే ఒక్క కణం మందం. నాళాలు లేవు, చెప్పుకోదగ్గ మైనం పొర లేదు. ఒకదాన్ని పైకి తీసి గాజుపలక మీద వదిలితే మూడు నిమిషాల్లో అంచులు ముడుచుకుపోయాయి. మొదటిరోజు స్పైరోగైరాని చూసినట్టే ఉంది.

36వ రోజు

ఒక డిష్‌లో శుద్ధజలం పలచగా పోశాను. ముందుగా ఒక నాలుక ఆకారపు ప్రోథాలస్‌ని గాజుపలక మీద నీటి చుక్కలో పెట్టి చూశాను. నాలుగో నిమిషానికి పురుషబీజాశయాలు పగిలి, మెలి తిరిగిన చిన్న స్ప్రింగుల్లాంటివి గిర్రున తిరుగుతూ బయటికి వచ్చాయి. ఒక్కోదానికీ ఈదడానికి పనికొచ్చే, కొరడాల్లాంటి కశాభాలు పదుల కొద్దీ. చుక్క అంచుదాకా ఈది, అక్కడ నీరు అయిపోవడంతో అంచు వెంబడే కొట్టుకున్నాయి. మిల్లీమీటరు అవతల స్త్రీబీజం ఉన్నా, మధ్యలో నీటి పొర లేకపోతే అవి దాటలేవు. అరగంట చూశాను. చుక్క ఎండుతున్నకొద్దీ ఒక్కోటీ ఆగిపోయింది.

రెండో డిష్‌లో నీరు పోయలేదు.

46వ రోజు

నీరు పోసిన డిష్‌లో సుమారు 40 గుండె ఆకారపు ప్రోథాలస్‌లలో 31కి చిన్న ఫెర్న్ మొక్కలు తల ఎత్తాయి. నీరు పోయని డిష్‌లో ఒక్కటీ రాకూడదు. మూడు వచ్చాయి.

మొదట కంగారు పడ్డాను, ప్రయోగం మొత్తం తప్పేమో అని. తర్వాత ఆ మూడు ఎక్కడున్నాయో చూశాను. మూడూ ఒకే మూల, రూపాయి బిళ్ల పట్టేంత చోటులో. మూతకి ఆ మూలనే ఆవిరి చుక్కలు పట్టి ఉన్నాయి. రాత్రి దీపం ఆపినప్పుడు మూత చల్లబడి, చుక్కలు కట్టి, అక్కడే కింద పడుతున్నాయి. ఒక్క చుక్క చాలింది.

47వ రోజు

మళ్లీ చల్లాను. ఈసారి నీరు పోయని డిష్‌ని తలకిందులుగా పెట్టాను. అగర్ పైకప్పుగా ఉంటుంది, మూత అడుగున ఉంటుంది, ఆవిరి చుక్కలు మూతలోనే ఆగిపోతాయి. అగర్ పారదర్శకంగా ఉంది కాబట్టి వెలుతురుకి లోటు లేదు.

64వ రోజు

గోడ నాచు కవరు తెరిచాను. రెండు నెలలు దాటింది. పెళుసుగా, గోధుమరంగులో, చిటికేస్తే పొడి అయ్యేలా ఉంది. ఒక చుక్క నీరు వేసి లెన్సుతో చూశాను. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటిగా కొమ్మ నుంచి విడివడి, రెండు నిమిషాల్లో పూర్తిగా విప్పారాయి. మర్నాటికి కొత్త పచ్చదనం.

మొదట్లో గోడ నాచుని నేను సగంలో ఆగిపోయిన మొక్కగా చూశాను. అది తప్పు. నీటిని దాచుకోవడం ఒక మార్గం, నీరు పోయినా చావకుండా ఉండటం ఇంకో మార్గం. పెద్ద మొక్కల ఆకులు ఆ రెండో విద్యని దాదాపు మరిచిపోయాయి. కానీ వాటిలో చాలా వాటి విత్తనాలకి మాత్రం అది వచ్చు. ఎండిన బఠానీ గింజ ఏళ్ల తరబడి డబ్బాలో ఉండి, తడిపితే మొలకెత్తుతుంది. నాచు వంటి తొలి మొక్కల దగ్గరున్న ఆ పాత విద్యే విత్తనంలో మళ్లీ పనికొచ్చిందని పరిశోధకుల అభిప్రాయం.

71వ రోజు

తలకిందుల డిష్‌లో సున్నా. నీరు పోసిన డిష్‌లో 28. మూడు మీటర్ల ఫెర్న్ చెట్టయినా సరే, తన తర్వాతి తరం మాత్రం వాన చినుకు దయ మీదే ఆధారపడి ఉంటుంది.

74వ రోజు

సైకస్ గింజ. సైకస్ అంటే పూలు పూయకుండానే గింజ కట్టే మొక్క. దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఫెర్న్ డిష్‌లో చూసిందే ఇందులో కంటికి కనిపించేంత పెద్దగా ఉంటుంది. గింజలో విషం ఉంది, చేతులకి గ్లవ్స్ వేసుకునే కోశాను. పైన నారింజ రంగు కండ, దాని కింద కత్తికి లొంగని గట్టి పెంకు, లోపల పాలరాయిలా తెల్లటి ముద్ద, మధ్యలో సన్నగా పిండం.

ఆ తెల్లటి ముద్దని చూసి కొబ్బరి లాంటి ఆహారం అనుకుంటాం. ఆహారమే, కానీ అసలు అది ప్రోథాలస్. డిష్‌లో ఆకుపచ్చ గుండె ఆకారంలో కనిపించిన తరమే ఇక్కడ గింజ లోపల, పచ్చదనం వదిలేసి, తల్లి పెట్టింది తింటూ పెరిగింది. ఫెర్న్ తన సిద్ధబీజాన్ని నేల మీద వదిలేస్తుంది, అది తన పాట్లు తాను పడాలి. ఇక్కడ తల్లి మొక్క పెద్ద సిద్ధబీజాన్ని వదలకుండా తన దగ్గరే ఉంచుకుని, చుట్టూ కవచం కట్టింది. ఆ కవచం తొలి రూపం సుమారు 36.5 కోట్ల ఏళ్ల నాటి ఎల్కిన్సియా అనే తొలి విత్తన మొక్క శిలాజాల్లో కనిపిస్తుంది. అక్కడ అది ఇంకా పూర్తిగా మూసుకోలేదు, రేకులు రేకులుగా విడిగానే ఉంది.

తెల్లటి ముద్ద ఒక చివర, పుప్పొడి లోపలికి వచ్చే రంధ్రం కింద, చిన్న గుంట ఉంది. లెన్సు పెట్టి చాలాసేపు చూశాను. పుప్పొడి నాళం పగిలి పురుషబీజాలు విడుదలయ్యేది ఈ గుంటలోకే. అవి ఇప్పటికీ ఈదుతాయి. సైకస్‌లో ఆ సంగతిని జపాన్ శాస్త్రవేత్త ఇకెనో 1896లో కనిపెట్టాడు. అదే సంవత్సరం గింకో అనే చెట్టులో హిరాసే. చెరువు పోలేదు, గింజగా మారబోయే అండం లోపలికి వచ్చి చేరింది. పైన్‌లోనూ పూల మొక్కల్లోనూ ఆ ఈత కూడా ఆగిపోయింది. పుప్పొడి నాళమే పురుషబీజాన్ని నేరుగా స్త్రీబీజం దగ్గర దింపుతుంది.

ఆ గుంటలోకి వచ్చే తడి గాల్లోంచి రాదు. తల్లి వేరు తాగి, దారువు మోసి తెచ్చిన నీరే అది. లోపలి ముద్ద ఎండకుండా కాపాడే కవచం పొరల్లోనూ క్యూటిన్ ఉంది. 12వ రోజున రాసుకున్న అప్పుల లెక్క ఇక్కడిదాకా నడిచింది: నాళాలూ క్యూటికల్ ముందే లేకపోతే విత్తనం కట్టడానికి సామాను ఉండేది కాదు.

75వ రోజు

చివరి తూకం మొదటిరోజు దోమతెర మీదే. సైకస్ తెల్లటి ముద్దని పలచటి చీలికలుగా కోసి సరిగ్గా 2.00 గ్రాములు పరిచాను. పక్కనే కోయని గింజ ఒకటి, 14.30 గ్రాములు. అదే గది, ఫ్యాను ఆపి, తేమ 54 శాతం.

24 గంటలకి చీలికలు 1.12. గింజ 14.24.